ఎఫ్‌ఐఆర్ ఫిల్టర్ సొంతంగా, 3వ భాగం: విండో ఏది, పొడవెంత?

కిందటి భాగంలో ఆదర్శ లో-పాస్ ఫిల్టర్ దగ్గర ఆగాం. దాని ఇంపల్స్ రెస్పాన్స్ సింక్ ఆకారంలో రెండు వైపులా అంతూపొంతూ లేకుండా సాగుతుంది, మనం మధ్యలో కొంత ముక్క ఉంచుకుని మిగతాది కోసేశాం. ఆ ముక్క నడిమి ట్యాప్‌కి అటూ ఇటూ ఒకేలా ఉంటుంది కాబట్టి లీనియర్ ఫేజ్ మనకి ఉత్తినే వచ్చేసింది. కానీ గ్రాఫ్ గీసి చూస్తే స్టాప్‌బ్యాండ్ 21 డెసిబెల్స్ దగ్గరే ఆగిపోయి ఉంది. ఆ 21ని ఎలా దాటాలన్నదే ఈ భాగం.

లెక్క ఒకటే పెట్టుకుందాం, చివరిదాకా దాన్నే పట్టుకుని వెళ్దాం. సెకనుకి 16000 శాంపిల్స్ చొప్పున రికార్డు చేసిన మాట ఉంది, దాన్ని టెలిఫోన్ రేటుకి, అంటే 8000కి దించాలి. ఒక శాంపిల్ వదిలి ఒకటి తీసుకుంటే సరిపోతుంది కదా అనిపిస్తుంది, కానీ అలా చేస్తే 4000 హెర్ట్జ్ పైన ఉన్నదంతా మడతపడి కిందికొస్తుంది. 5000 దగ్గరున్నది 3000 దగ్గర తేలుతుంది. "స"లోని బుస ఎక్కువగా ఆ పై భాగంలోనే ఉంటుంది, అది మడతపడి మాట మధ్యలోకి వచ్చిందంటే గరగర వినిపిస్తుంది, ఆ తర్వాత ఏ ఫిల్టర్ పెట్టినా పోదు. అందుకే ముందే వడకట్టాలి. టెలిఫోన్ మాటకి 3400 హెర్ట్జ్ దాకా కావాలి కాబట్టి పాస్‌బ్యాండ్ అంచు 3400, స్టాప్‌బ్యాండ్ అంచు 4000. మధ్యలో ఉన్న 600 హెర్ట్జ్ మన ట్రాన్సిషన్ బ్యాండ్. స్టాప్‌బ్యాండ్‌లో 60 డెసిబెల్స్ తగ్గింపు అడుగుదాం, అంటే అక్కడికి వచ్చిన ఏ సిగ్నల్ అయినా వెయ్యోవంతుకి పడిపోవాలి.

ఇప్పుడు ఆ 21 సంగతి. దాదాపు అందరికీ మొదట తోచేది ట్యాప్‌లు పెంచడమే. 99 చాల్లేదు, 199 వేద్దాం, 999 వేద్దాం. వేసి చూడండి, అంచు నిటారుగా అవుతుంది, అలలు అంచు దగ్గరకి జరిగి ఇరుకవుతాయి, కానీ వాటిలో అన్నిటికన్నా పెద్ద అల ఎత్తు మాత్రం అలాగే ఉంటుంది. 9 శాతం, అంటే 21 డెసిబెల్స్, అంతే.

ఎందుకంటే, సింక్‌ని కోయడమంటే దాన్ని ఒక దీర్ఘచతురస్రంతో గుణించడమే. టైమ్‌లో గుణకారం ఫ్రీక్వెన్సీలో కన్వల్యూషన్ అవుతుంది, అంటే ఆదర్శ ఫిల్టర్ నిటారు అంచు మీదుగా విండో స్పెక్ట్రమ్ జరుగుతూ పోతుంటే, అంచుకి ఇవతల ఎంత వైశాల్యం పడిందో అదే అక్కడి గెయిన్. విండో స్పెక్ట్రమ్‌లో మెయిన్‌లోబ్ ఒకటి, దాని పక్కన సైడ్‌లోబ్‌లు ఉంటాయి. మెయిన్‌లోబ్ అంచుని దాటడానికి పట్టే మేరే ట్రాన్సిషన్ బ్యాండ్. తర్వాత సైడ్‌లోబ్‌లు ఒక్కొక్కటే దాటుతుంటే వచ్చే హెచ్చుతగ్గులే రిపుల్. పొడవు పెంచితే లోబ్‌లు సన్నబడతాయి, అంతే పొడుగూ అవుతాయి, వైశాల్యం మారదు. వైశాల్యం మారకపోతే రిపుల్ మారదు. అంటే స్టాప్‌బ్యాండ్ లోతుని నిర్ణయించేది విండో ఆకారం, పొడవు కాదు. పొడవు నిర్ణయించేది ట్రాన్సిషన్ వెడల్పుని. ఈ ఒక్క ముక్క పట్టుబడితే మిగతాదంతా కూడికలూ తీసివేతలే.

ఇంకో సంగతి కూడా ఇక్కడే బయటపడుతుంది. అంచుకి అటు పడే వైశాల్యమూ ఇటు పడే వైశాల్యమూ ఒకటే కాబట్టి పాస్‌బ్యాండ్ రిపుల్, స్టాప్‌బ్యాండ్ రిపుల్ దాదాపు సమానంగా వస్తాయి. మనం స్టాప్‌బ్యాండ్‌లో 0.001 అడిగాం కాబట్టి పాస్‌బ్యాండ్‌లో కూడా 0.001 వస్తుంది, అది 0.009 డెసిబెల్ కూడా ఉండదు. అంత చదును మనకి అక్కర్లేదు, కానీ విండో పద్ధతిలో ఒకదాన్ని వదులుకుని ఇంకోటి తీసుకునే వీల్లేదు. ఈ పద్ధతికున్న అసలు లోటు ఇదే.

సరే, ఏ విండో? హాన్ 44 డెసిబెల్స్ ఇస్తుంది, హామింగ్ 53, బ్లాక్‌మన్ 74. ఇవి విండోతో వచ్చే ఫిల్టర్ స్టాప్‌బ్యాండ్ అంకెలు. విండో సొంత సైడ్‌లోబ్ ఎత్తులు వేరు, కొన్ని పట్టికల్లో రెండూ పక్కపక్కనే ఉంటాయి, అక్కడ కన్ను జారితే గోవిందా. ఉదాహరణకి దీర్ఘచతురస్రపు విండో సైడ్‌లోబ్ 13 డెసిబెల్స్ కింద ఉంటుంది, దాంతో చేసిన ఫిల్టర్ మాత్రం 21 ఇస్తుంది. మనకి కావలసింది రెండోదే.

మనం అడిగింది 60. హామింగ్ 7 డెసిబెల్స్ దగ్గర తప్పిపోయింది. బ్లాక్‌మన్ సరిపోతుంది, కానీ దాని మెయిన్‌లోబ్ వెడల్పు, కాబట్టి ట్రాన్సిషన్ 600లో ఇమడాలంటే పొడవు పెంచాలి. దానికి రాసే లెక్క 5.5ని ట్రాన్సిషన్ వెడల్పుతో భాగించడమే, ఆ వెడల్పుని శాంపిలింగ్ రేటులో వంతుగా తీసుకోవాలి. 600/16000 అంటే 0.0375, భాగిస్తే 147 ట్యాప్‌లు. అడిగింది 60 అయితే 74కి డబ్బు కట్టినట్టు.

ఇక్కడే కైజర్ విండో పనికొస్తుంది. బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన జేమ్స్ కైజర్ విండో ఆకారాన్నే ఒక అంకెతో తిప్పుకునేలా పెట్టాడు. ఆ అంకె β. అది సున్నా అయితే దీర్ఘచతురస్రం, పెంచుతూ పోతే చివరలు సన్నబడి సైడ్‌లోబ్‌లు అణుగుతాయి, మెయిన్‌లోబ్ వెడల్పవుతుంది. ఎంత తగ్గింపుకి ఎంత β, ఎంత పొడవు అన్నదానికి ఆయన ఇచ్చిన సూత్రాలు సిద్ధాంతం నుంచి రాబట్టినవి కావు, లెక్కలు వేసి చూసి కుదిర్చినవి, అయినా ఇన్నేళ్ల తర్వాత కూడా అందరూ వాటినే వాడుతున్నారు.

```
β     = 0.1102 · (A − 8.7)            (A > 50 అయితే)
N − 1 = (A − 7.95) / (2.285 · Δω)
Δω    = 2π · 600/16000 = 0.2356
```

A మనకి 60. β 5.65 వస్తుంది. 52.05ని 0.538తో భాగిస్తే 96.7, ఒకటి కలిపితే 97.7, పైకి సవరిస్తే 98. సరిసంఖ్య వచ్చింది, నేనైతే దాన్ని 99 చేస్తాను. 98తో కూడా ఫిల్టర్ బాగానే పనిచేస్తుంది, కాకపోతే ఆలస్యం 48 శాంపిల్స్ మీద సగం వస్తుంది, తర్వాత అసలు సిగ్నల్‌తో పక్కపక్కన పెట్టి పోల్చాలంటే ఆ సగం చికాకు పెడుతుంది. 99 అయితే ఆలస్యం కచ్చితంగా 49 శాంపిల్స్, అంటే 3 మిల్లీసెకన్లకి కాస్త పైన, ప్రతి ఫ్రీక్వెన్సీకీ అంతే.

కటాఫ్ ఎక్కడ పెట్టాలి? 3400 దగ్గర కాదు. విండో పద్ధతిలో కటాఫ్ దగ్గర గెయిన్ సగానికి, అంటే 6 డెసిబెల్స్ కిందికి పడుతుంది. రెండు అంచులకీ నట్టనడుమ, 3700 దగ్గర పెట్టాలి. ఇప్పుడు ట్యాప్‌లని దగ్గర నుంచి చూద్దాం. నడిమి ట్యాప్ 2·3700/16000, అంటే 0.4625. అక్కడ విండో విలువ 1 కాబట్టి అది మారదు. దాని పక్కది సింక్ ప్రకారం 0.3161, విండో తగిలాక 0.3158, పెద్ద తేడా లేదు. చివరి ట్యాప్ చూడండి: కోసిన సింక్‌లో 0.0057 ఉండేది, అక్కడ విండో విలువ 0.0204, గుణిస్తే 0.0001 మిగిలింది. 0.0057 దగ్గర ఠక్కున తెగిపోయిన చివర ఇప్పుడు మెల్లగా సున్నాలోకి జారుతోంది, ఆ 21 కాస్తా 60 కావడానికి కారణం అదే.

చేత్తో వేసిన లెక్కని కంప్యూటర్‌తో సరిచూసుకుందాం:

```python
import numpy as np
from scipy import signal

fs = 16000
N, beta = signal.kaiserord(60, 600/(fs/2))
N |= 1                      # బేసి సంఖ్య చెయ్యడానికి
h = signal.firwin(N, 3700, window=('kaiser', beta), fs=fs)
w, H = signal.freqz(h, worN=16384, fs=fs)
dB = 20*np.log10(np.abs(H))
print(N, beta, dB[w >= 4000].max(), dB[w <= 3400].min())
```

99, 5.65 రావాలి, మూడో అంకె −60 చుట్టుపక్కల ఉండాలి. కైజర్ సూత్రం అంచనా మాత్రమే కాబట్టి కొన్ని లెక్కల్లో −59.8 లాంటిది కనిపించవచ్చు, అప్పుడు N కి 2 కలిపి మళ్లీ చూడండి, అంతకు మించి బుర్ర బద్దలు కొట్టుకోవద్దు.

ఆ అంకెలు రాకపోతే ఏం తప్పు జరిగిందో అంకెలే చెప్తాయి. N 195 వచ్చిందంటే 600ని 16000తో భాగించారు. మన చేతి సూత్రంలో వెడల్పు శాంపిలింగ్ రేటులో వంతు, `kaiserord` మాత్రం దాన్ని 8000లో వంతుగా అడుగుతుంది. స్టాప్‌బ్యాండ్ −53 దగ్గర ఆగిందంటే `window` రాయడం మర్చిపోయారు, `firwin` ఏమీ చెప్పకపోతే హామింగ్ వేసేస్తుంది, ఎర్రర్ కూడా రాదు. 3400 దగ్గర −6 కనిపిస్తే కటాఫ్ అక్కడే పెట్టేశారు. ఇంకొకటి, గ్రాఫ్ ఎప్పుడూ డెసిబెల్స్‌లోనే గీయండి. మామూలు స్కేల్ మీద 53కీ 60కీ తేడా కంటికి ఆనదు, రెండూ సున్నా గీత మీదే పడుకుని ఉంటాయి.

ఇక అభ్యాసం, ఈసారి కాస్త ఆలోచించాల్సింది. స్టాప్‌బ్యాండ్ నిజంగా 4000 దగ్గరే మొదలవ్వాలా? రేటు 8000కి దించాక 4600 దగ్గరున్నది 3400 దగ్గరకి మడతపడుతుంది. అంటే 4000 నుంచి 4600 దాకా ఉన్న చెత్త అంతా 3400కీ 4000కీ మధ్యనే పడుతుంది, అక్కడ మనకి కావలసిన మాటేమీ లేదు. అక్కడ పడ్డా ఫర్వాలేదనుకునే పనైతే స్టాప్‌బ్యాండ్ అంచుని 4600కి జరపొచ్చు. ట్రాన్సిషన్ రెట్టింపై 1200 అవుతుంది, కటాఫ్ 4000కి వస్తుంది. పై సూత్రాలతో N లెక్కకట్టండి, బేసి చేశాక 51 రావాలి. తర్వాత `h` ని ప్రింట్ చేసి చూడండి, నడిమి ట్యాప్ నుంచి రెండేసి అడుగులు అటూ ఇటూ వెళ్తే ప్రతిచోటా సున్నా కనిపిస్తుంది (1e-18 లాంటిది వస్తే అదీ సున్నానే). మొత్తం 24 ట్యాప్‌లు అలా సున్నాలైతే గుణించాల్సినవి 27 మాత్రమే మిగులుతాయి. ఆ సున్నాలు ఎందుకొచ్చాయో సింక్ సూత్రంలో 4000/16000 వేసి చూసుకోండి, 4వ భాగం అక్కడి నుంచే మొదలుపెడదాం.