మొండి మలబద్ధకం, మూడో పాఠం: కడుపు వదిలి ఒళ్లంతా చూడటం

గత రెండు పాఠాల్లో నీళ్లు, పీచు, పొద్దున్నే కూర్చునే అలవాటు గురించి చెప్పుకున్నాం. అవన్నీ మూడు నాలుగు వారాలు సరిగ్గా పాటించినా విరేచనం దారికి రాలేదనుకోండి, అప్పుడు అసలు కారణం కడుపు బయట ఉందేమో వెతకాలి. ఇది నేను మా చిన్నమ్మ విషయంలో నేర్చుకున్నాను.

చిన్నమ్మది అనంతపురం, 48 ఏళ్లు. రోజూ రాగి సంగటి, ఆకుకూర పప్పు తినే మనిషి. అయినా ఎనిమిది నెలలుగా మూడు నాలుగు రోజులకోసారి, అదీ మేక పెంటికల్లా గట్టిగా అయ్యేది. మందుల షాపు మాత్ర వేసుకున్న రోజు అయ్యేది, మర్నాటి నుంచి మళ్లీ మామూలే. "ఏంటికి పాపా ఆస్పత్రి, నీళ్లు రొంత ఎక్కువ తాగుతాలే" అనేది.

ఏప్రిల్‌లో వాళ్లింటికి వెళ్లాను. మేమంతా ఫ్యాన్ కింద చెమటలు కక్కుతుంటే ఆమె కొంగు భుజాల చుట్టూ కప్పుకుని గాలికి దూరంగా కూర్చుంది. అనంతపురం ఎండల్లో చలేమిటి? చేయి పట్టుకుంటే చల్లగా, గరుకుగా ఉంది. నాడి లెక్కపెడితే నిమిషానికి 56. గొంతు బొంగురుపోయింది. అడిగితే, నెలసరి కూడా బాగా ఎక్కువగా అవుతోందని అప్పుడు చెప్పింది. ఒక్కొక్కటీ విడిగా చిన్నదే. అన్నీ కలిపి చూస్తే థైరాయిడ్ గుర్తుకు రావాలి.

థైరాయిడ్ హార్మోన్ తగ్గితే ఒంట్లో అన్ని పనులూ నెమ్మదిస్తాయి, పేగు కదలికలు కూడా. మలం పెద్దపేగులో ఎక్కువసేపు నిలిచిపోతుంది, ఆలోగా అందులోని నీటిని పేగు పీల్చేసుకుంటుంది. కదలని పేగులోకి ఇంకా పీచు నెడితే ఉబ్బరం పెరుగుతుంది తప్ప విరేచనం కాదు. చిన్నమ్మ సంగటి ముద్ద పెంచినప్పుడల్లా కడుపు బిగుసుకుపోయింది ఇందుకే.

రక్త పరీక్షలో చూడాల్సింది టీఎస్‌హెచ్. థైరాయిడ్ గ్రంథి సరిగా పనిచేయకపోతే, మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి దాన్ని ఇంకా గట్టిగా అదిలిస్తుంది. ఆ అదిలింపే టీఎస్‌హెచ్, కాబట్టి థైరాయిడ్ తగ్గేకొద్దీ ఇది పెరుగుతుంది. చాలా ల్యాబుల్లో పై హద్దు 4 నుంచి 4.5 దాకా ఉంటుంది. చిన్నమ్మకు 38 వచ్చింది. హిమోగ్లోబిన్ 9.

ఇక్కడ డాక్టరు చేసిన పని గుర్తుపెట్టుకోండి. రక్తం తక్కువగా ఉంది, ఈ వయసులో కొత్తగా మలబద్ధకం మొదలైంది కాబట్టి నేరం మొత్తం థైరాయిడ్ మీద వేయకుండా, పెద్దపేగు లోపలికి సన్నని గొట్టం పంపి చూసే కొలనోస్కోపీ పరీక్ష కూడా చేయించారు. పేగు శుభ్రంగా ఉంది. మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, ఇంట్లో ఎవరికైనా పేగు క్యాన్సర్ వచ్చి ఉండటం, వీటిలో ఏది ఉన్నా ఈ పరీక్ష వాయిదా వేయకూడదు. కడుపు ఉబ్బి, వాంతులు అవుతూ, గాలి కూడా పోకపోతే అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి.

థైరాయిడ్ మాత్ర మొదలైంది. ఆరు వారాల తర్వాత చూస్తే టీఎస్‌హెచ్ 22, విరేచనం పరిస్థితి అంతంతే. డోసు సరిపోలేదనుకున్నాం. పొద్దున ఆమె మందులు వేసుకుంటుంటే చూశాను. థైరాయిడ్ మాత్ర, రక్తానికి ఇచ్చిన ఐరన్ మాత్ర అరచేతిలో కలిపి పోసుకుని కాఫీతో మింగేసింది. ఐరన్, క్యాల్షియం మాత్రలు థైరాయిడ్ మందును పట్టేసి ఒంటికి అందనివ్వవు. వాటికీ దీనికీ నాలుగు గంటల ఎడం కావాలి. థైరాయిడ్ మాత్ర పరగడుపున నీళ్లతో వేసుకుని, అరగంట నుంచి గంట దాకా కాఫీ కూడా తాగకూడదు. పైగా ఐరన్, క్యాల్షియం రెండూ మలబద్ధకం తెచ్చే మాత్రలే.

డోసు మార్చకుండా ఐరన్‌ను రాత్రికి జరిపాం. ఎనిమిది వారాలకు టీఎస్‌హెచ్ 4.1. రోజు విడిచి రోజు, ముక్కకుండా విరేచనం అవసాగింది. డోసు పెంచి ఉంటే, ఐరన్ ఆపేశాక మందు ఎక్కువై గుండెదడ వచ్చి ఉండేదేమో.

షుగర్ దారి వేరు. ఏళ్ల తరబడి షుగర్ అదుపులో లేకపోతే పేగును నడిపే నరాలు దెబ్బతింటాయి. అప్పుడు కొన్నాళ్లు మలబద్ధకం, కొన్నాళ్లు రాత్రిపూట నీళ్ల విరేచనాలు, రెండూ కనిపించవచ్చు. కొన్ని ముద్దలకే కడుపు నిండినట్టుండటం, లేచి నిలబడితే కళ్లు తిరగడం దీనికి తోడు గుర్తులు. షుగర్ బాగా పెరిగి మూత్రం ఎక్కువగా పోతున్నా ఒంట్లో నీరు తగ్గి మలం ఎండిపోతుంది. మూడు నెలల షుగర్ పరీక్ష, అంటే హెచ్‌బీఏ1సీ, చేయించాలి. రక్తంలో క్యాల్షియం పెరిగినా పేగు మందగిస్తుంది, డాక్టరు అవసరమనుకుంటే అదీ చూస్తారు.

ఈ వారం అభ్యాసం: ఒక నోటుబుక్కులో విరేచనమైన తేదీ, మలం ఎలా ఉందో రాయండి. పక్క పేజీలో వేసుకునే ప్రతి మాత్ర పేరు, వేసుకునే సమయం, దేంతో మింగుతున్నారో రాయండి. డాక్టరు దగ్గరికి ఆ రెండు పేజీలూ తీసుకెళ్లండి. వచ్చే పాఠంలో బీపీ మాత్రలు, నొప్పి మాత్రల సంగతి చూద్దాం.