మెరక స్థలంలో పునాదికి మున్సిపల్ ఇంజినీర్ ఒప్పుకోలేదా?

సమస్య

పునాది డ్రాయింగ్ ఇచ్చాక ఉత్తరం వస్తుంది: "స్థలం మెరక చేసినది. 1.5 మీటర్ల లోతు ఫుటింగులకు అనుమతి ఇవ్వలేము. కింది పరీక్షల రిపోర్టుతో మళ్లీ సమర్పించగలరు." కింద జాబితా: మెరక దాటి అసలు నేలలోకి దిగే రెండు బోర్లు, వాటిలో గొట్టాన్ని సుత్తితో దింపుతూ దెబ్బలు లెక్కబెట్టే ఎస్‌పీటీ, నీటి మట్టం, బంకమట్టి తగిలితే ఉబ్బు పరీక్ష.

ఇలాంటి ఉత్తరం పట్టుకుని వచ్చిన ఒకాయన, "ప్లేట్ లోడ్ టెస్ట్ చేయించాం కదండీ, చదరపు మీటరుకు 15 టన్నులు వచ్చింది. ఇంకేం కావాలట?" అన్నారు.

కారణం

టెస్టు అబద్ధం కాదు, చూసిన లోతే చాలదు. 30 సెంటీమీటర్ల ప్లేటు బరువు ప్రభావం దాదాపు 60 సెంటీమీటర్ల వరకే దిగుతుంది. ఒకటిన్నర మీటర్ల వెడల్పు ఫుటింగుది దాని అడుగు నుంచి మూడు మీటర్ల దాకా పోతుంది. ఆయన స్థలం పాత కుంట అంచు, మెరక 3.2 మీటర్లు. అంటే ఫుటింగు అడుగున ఇంకా 1.7 మీటర్ల పోసిన మట్టి, దాని కింద కుంట నల్లబంక. ప్లేటు పెట్టిన చోట గ్రావెల్ తగిలింది, అంతే.

మెరక ఒకే తీరుగా దిగదు. ఒక మూల ఎర్రమట్టి, ఇంకో మూల కూల్చిన ఇంటి రద్దు. కిటికీ మూలల నుంచి ఏటవాలు పగుళ్లు వచ్చేది అందుకే.

పరిష్కారం

ఫుటింగు అడుగు నుంచి వెడల్పుకు ఒకటిన్నర రెట్లు బోరు వేస్తే చాలంటారు. ఇక్కడ ఆ లెక్కన 3.75 మీటర్లకే ఆగిపోతాం, నల్లబంకలో సగం మీటరు మాత్రమే చూస్తాం. గట్టి పొర తగిలేదాకా దిగమనండి. దెబ్బల లెక్క రాసేటప్పుడు మీరూ అక్కడ నిలబడండి. ఆయన రెండో బోరులో రెండు మీటర్ల దగ్గర 38 వచ్చింది, అర మీటరు కింద 4. ఆ 38 నేల బలం కాదు, గొట్టం కాంక్రీటు ముక్కకు తగిలింది. అలాంటి అంకెను సగటులో కలిపితే ఇంజినీర్ మళ్లీ తిప్పి పంపిస్తారు, పంపాలి కూడా.

ఆయనకు ఆరు మీటర్ల దగ్గర మొరం దొరికింది. మెరక రెండు మీటర్లలోపే ఉంటే మొత్తం తవ్వేసి అసలు నేల మీద ఫుటింగు వేయమనేవాళ్లం. ఇంత లోతుకు గట్టి పొరలోకి దింపే కాంక్రీటు స్తంభాలు, అంటే పైల్స్ తప్పలేదు. ఒక మెలిక: మెరక దిగుతూ పైల్‌ను కూడా కిందికి లాగుతుంది. కాబట్టి మెరక భాగంలో పైల్‌కు మట్టి ఇచ్చే పట్టును లెక్కలోకి తీసుకోకపోగా, ఆ లాగుడును అదనపు బరువుగా కలిపి మొరంలో పొడవు పెంచాం.

మళ్లీ ఇచ్చిన ఫైల్లో బోర్ల స్థానాల స్కెచ్, పొరల లోతులు, కొత్త లెక్కలు పెట్టాం. ఆ 38 పక్కన "రద్దు ముక్క, వదిలేశాం" అని రాశాం.