చెరువు పాఠాలు పోస్టుల్లో రాసేముందు జాగ్రత్తలు

భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువుల మీద టెక్నీషియన్‌గా పనిచేస్తూ, నేర్చుకున్నది వరుస పోస్టులుగా రాద్దామనుకుంటున్నారా? మొదటిది పెట్టకముందే ఇవి చూసుకోండి.

ముందు ఆ సమాచారం ఎవరిదో తేల్చుకోండి. తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ బాగా పడిపోతుందన్నది అందరికీ తెలిసిందే, రాయొచ్చు. రైతు ఎంత మేత వేశారు, కిలోకి ఎన్ని రొయ్యల కౌంట్‌కి పట్టారు, ఏ రేటుకి అమ్మారు అన్నవి ఆయనవి, అడగకుండా రాయకూడదు. కంపెనీ మేత ట్రయల్ ఫలితాలైతే రైతు సరేనన్నా చాలదు, కంపెనీ రాసి ఇవ్వాలి.

పేరు తీసేస్తే సరిపోదు. "మొన్న మబ్బు రోజున కాలువ చివరి ఊళ్లో పన్నెండెకరాల చెరువు దెబ్బతింది" అని ఒకసారి రాశాను. సాయంత్రానికల్లా ఊరంతా ఆ రైతుని పరామర్శించింది. చాలా బాధేసింది. ఇప్పుడు ఊరు, విస్తీర్ణం, తేదీ తీసేస్తాను. రొయ్యల పట్టుబడి అయ్యాకే రాస్తాను. ముందు ఆయనకే చదివి వినిపించి, "మిమ్మల్ని ఎవరైనా గుర్తుపడతారా అండి?" అని అడుగుతాను.

ఫొటోలో మేత బస్తా, షెడ్డు మీద పేరు కనబడకూడదు. లొకేషన్ కూడా తీసేయండి.

"చెరువుని నేనే కాపాడాను" అని రాసి ఉంటే కొట్టేయండి. జరిగింది రాయండి: "రాత్రి రెండింటికి మీటర్‌లో ఆక్సిజన్ 3 పీపీఎం చూపించింది. ఏరేటర్లన్నీ వేయించాం, పొద్దుటి మేత ఆపాం. మబ్బు పట్టినప్పుడే జాగ్రత్తపడాల్సింది, పడలేదు." రొయ్యలు పైకి తేలడం ముందు చూసింది కాపలా మనిషైతే, ఆ మాటా రాయాలి.