బాబాయ్ సంచిలోని కాగితాలు: సెకండ్ ఒపీనియన్ ఫైల్‌లో వచ్చే సమస్యలు, పరిష్కారాలు

మా బాబాయ్‌కి 62 ఏళ్లు. 14 ఏళ్లుగా షుగర్, దాని వెనకే బీపీ. 2024 ఏప్రిల్‌లో రక్త పరీక్ష చేయిస్తే, కిడ్నీ సరిగ్గా పనిచేయకపోతే పెరిగే క్రియాటినిన్ 3.4 వచ్చింది. ఎప్పుడూ చూసే డాక్టర్ "డయాలసిస్‌కి సిద్ధంగా ఉండండి, ముందుగా చేతికి ఫిస్టులా ఆపరేషన్ చేయించుకోండి" అన్నారు. డయాలసిస్ సూదులు గుచ్చడానికి వీలుగా చేతి రక్తనాళాన్ని సిద్ధం చేసే ఆపరేషన్ అది. ఇంకొకరికి కూడా చూపిద్దామని హైదరాబాద్‌లో ఒక కిడ్నీ డాక్టర్ దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకున్నాం. రిపోర్టులేవి అని అడిగితే పిన్ని బీరువా మీది నుంచి బట్టల షాపు సంచి ఒకటి దించింది. అందులో రిపోర్టులు, మందుల చీటీలు, బిల్లులు, మడతపడ్డ ఎక్స్‌రేలు, అడుగున రెండేళ్ల కిందటి శుభలేఖ కూడా ఉన్నాయి.

ఆ సంచి ఫైల్ కావడానికి రెండు సాయంత్రాలు పట్టింది. మాకు ఎక్కడెక్కడ చిక్కు పడిందో, ఎందుకు పడిందో, ఎలా విప్పామో కింద రాస్తున్నాను.

సమస్య: డాక్టర్ ఫైలంతా తిరగేసి, చివరికి మననే అడుగుతారు

"పోయినసారి క్రియాటినిన్ ఎంత?" అని అడిగితే మనం మళ్లీ ఆ కట్టలోనే వెతుకుతాం. మనకున్న పది నిమిషాల్లో నాలుగు అక్కడే అయిపోతాయి.

కారణం ఏమిటంటే, మనం కాగితాలను ఆసుపత్రి వారీగా దాస్తాం. ఏ ఆసుపత్రి ఇచ్చిన ఫైల్‌లో వాళ్ల కాగితాలు అలాగే ఉంటాయి. డాక్టర్‌కి కావాల్సింది అది కాదు. జబ్బు ఏ నెలలో ఎలా నడిచిందో ఆయనకు తెలియాలి.

అందుకే ముందు ఆసుపత్రి ఫైళ్లన్నీ విప్పేశాం. మంచం మీద నాలుగు కుప్పలు పెట్టాం: డిశ్చార్జ్ సమ్మరీలు, డాక్టర్ల ఉత్తరాలు ఒకటి, రక్తం, మూత్రం రిపోర్టులు ఒకటి, మందుల చీటీలు ఒకటి, స్కానింగులు, ఎక్స్‌రేలు ఒకటి. ఒక్కో కుప్పలో కొత్తది పైన, పాతది కింద. ఒరిజినల్స్‌కి పంచింగ్ చేయకుండా పారదర్శక కవర్లున్న ఫోల్డర్‌లో ఒక్కో కవర్‌లో ఒక్కో రిపోర్టు పెట్టాం. స్టేపుల్ పిన్నులు తీసేయండి. కాగితాలు చింపేవి అవే.

సమస్య: ఏది ముందో ఏది వెనకో తేలదు

ల్యాబ్ రిపోర్టు మీద ఒక్కోసారి మూడు తేదీలుంటాయి: శాంపిల్ తీసిన తేదీ, ల్యాబ్‌కి చేరిన తేదీ, రిపోర్టు ఇచ్చిన తేదీ. మనకు లెక్క శాంపిల్ తీసిన తేదీయే. దాన్ని పెన్సిల్‌తో కుడివైపు పైమూల పెద్దగా రాయండి. పెన్నుతో రిపోర్టు మీద ఏమీ రాయొద్దు.

చీటీలతో గొడవ వేరు. బాబాయ్ చీటీల్లో మూడింటి మీద అసలు తేదీయే లేదు. అప్పుడు పనికొచ్చింది నేను అవతల పారేయబోయిన మందుల బిల్లుల కట్ట. చీటీలో ఉన్న మందులే బిల్లులో ఉన్నాయి, బిల్లు మీద తేదీ ఉంది. కాబట్టి ఫైల్‌లో బిల్లులు పెట్టకపోయినా, పని పూర్తయ్యేదాకా చెత్తబుట్టలో వేయకండి.

సమస్య: ఒక రిపోర్టులో నంబర్ భయంకరంగా ఉంది

2023 ఫిబ్రవరిలో బాబాయ్ కువైట్‌లో ఉన్న పెద్దబ్బాయి దగ్గరికి వెళ్లినప్పుడు అక్కడ టెస్ట్ చేయించుకున్నారు. ఆ రిపోర్టులో క్రియాటినిన్ 141 అని ఉంది. పిన్ని అది చూసి రెండు రోజులు సరిగ్గా తినలేదట.

జబ్బు ఒక్కసారిగా ముదిరి కాదు, కొలమానం వేరు. మన ల్యాబ్‌లు mg/dL లో ఇస్తాయి. గల్ఫ్‌తో సహా చాలా దేశాల్లో µmol/L లో ఇస్తారు. ఆ అంకెను 88.4 తో భాగిస్తే మన లెక్క వస్తుంది. 141ని భాగిస్తే 1.6. విదేశంలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లొచ్చిన వాళ్ల ఫైళ్లలో ఇది తప్పకుండా చూసుకోవాలి. అంకె పక్కన కొలమానం కూడా చదవండి.

అన్ని తేదీలూ, అంకెలూ సరిచూశాక ఒక తెల్లకాగితం మీద ఈ పట్టిక రాశాం. ఇందులో మాత్రం పాతది పైన, కొత్తది కింద. పైనుంచి కిందికి చదివితే జబ్బు నడక కనిపించాలి.

| తేదీ | ఎక్కడ | క్రియాటినిన్ (mg/dL) |
|---|---|---|
| 12-06-2022 | మా ఊరి ల్యాబ్ | 1.4 |
| 20-02-2023 | కువైట్ | 1.6 (రిపోర్టులో 141) |
| 05-09-2023 | మా ఊరి ల్యాబ్ | 1.7 |
| 18-01-2024 | ఖమ్మం | 1.8 |
| 11-04-2024 | ఖమ్మం | 3.4 |

ఏడాదిన్నర పైగా మెల్లగా పెరిగింది మూడు నెలల్లో దాదాపు రెట్టింపయింది. రిపోర్టులు సంచిలో ఉన్నంతకాలం ఈ సంగతి మాకెవరికీ కనిపించలేదు. వేర్వేరు ల్యాబ్‌ల మధ్య 0.1, 0.2 తేడాలు మామూలే, వాటిని పట్టించుకోనక్కర్లేదు. కానీ ఇది అలాంటి తేడా కాదు.

సమస్య: రిపోర్టులన్నీ ఒకరివేనా?

ఒకదాని మీద వెంకటేశ్వర్లు, ఒకదాని మీద వెంకటేశ్వరరావు, కువైట్‌దాని మీద పాస్‌పోర్ట్ ప్రకారం ఇంటిపేరే అసలు పేరు. వయసు ఒకచోట 58, ఆ మర్నెల్లోనే ఇంకోచోట 61. మన పేర్లతో ఇది మామూలే. కౌంటర్‌లో ఎవరికి ఎలా వినిపిస్తే అలా టైపు చేస్తారు.

మొదటి పేజీలో "ఈ మూడు పేర్లూ ఒకే మనిషివి" అని ఒక లైను రాస్తే చాలు. అయితే ఒక రిపోర్టు నిజంగానే మా పక్కింటాయనది వచ్చి కలిసింది. ఇద్దరూ ఒకే ఆటోలో వెళ్లి టెస్ట్ చేయించుకున్నారు. పేరు, వయసు, చూసిన డాక్టర్ పేరు మూడూ కుదరకపోతే, అది మీదేనని రూఢి అయ్యేదాకా ఆ కాగితాన్ని బయటే ఉంచండి.

సమస్య: "ఏం మందులు వాడుతున్నారు?" అంటే చీటీ చూపిస్తాం, కానీ వాడేది అది కాదు

అన్నిటికంటే ఎక్కువ టైమ్ పట్టింది దీనికే.

చీటీ ఒక రోజున డాక్టర్ రాసిన మాట. ఆ తర్వాత షాపులో ఆ కంపెనీ లేక వేరే కంపెనీది ఇస్తారు. కొన్ని మనమే ఆపేస్తాం. కొన్ని ఎవరో చెప్పారని మొదలుపెడతాం. కాబట్టి చీటీల నుంచి మందుల లిస్టు రాస్తే తప్పు లిస్టే వస్తుంది. ఇంట్లో ఉన్న మందుల స్ట్రిప్‌లన్నీ, ఖాళీవి కూడా, బల్ల మీద పరచండి. పెద్దక్షరాల్లో ఉండే కంపెనీ పేరు కాకుండా, స్ట్రిప్ మీద చిన్నక్షరాల్లో ఉండే అసలు మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములో రాసుకోండి.

అలా రాస్తుంటే ముందుగా తేలింది: రెండు వేర్వేరు పేర్లతో ఉన్న బీపీ మాత్రలు రెండూ టెల్మిసార్టానే. కంపెనీ మారింది, పాత స్ట్రిప్ అయిపోలేదు, ఒక వారం రెండూ వేసుకున్నారట.

తర్వాత పిన్ని పూజగది అలమారా నుంచి ఇంకో స్ట్రిప్ తెచ్చింది.

"ఇది కూడా రాయాలారా? ఇది మోకాళ్లకి. కిడ్నీకి సంబంధం లేదు కదా."

చూస్తే అసెక్లోఫెనాక్ అనే నొప్పి మాత్ర. "ఇది ఎప్పట్నుంచి వేసుకుంటున్నావు బాబాయ్?" అంటే "సంక్రాంతి అయ్యాక. నొప్పి ఉన్నప్పుడే" అన్నారు. నొప్పి రోజూ ఉంది. తేదీ లేని మూడు చీటీల్లో ఒకటి ఎముకల డాక్టర్‌ది. బిల్లు తేదీ 2024 ఫిబ్రవరి 3. ఆయన రాసింది ఐదు రోజులకి. తర్వాత అదే చీటీ చూపించి షాపులో నాలుగుసార్లు తెచ్చుకున్నారు. నాలుగు బిల్లులూ ఆ కట్టలోనే ఉన్నాయి.

మందుల పేజీలో మూడు వరుసలు చేశాం: ఇప్పుడు వాడేవి, ఆపేసినవి (ఏ నెలలో ఆపారో), చీటీ లేకుండా లేదా అప్పుడప్పుడూ వాడేవి. నొప్పి మాత్రలు, ఆయుర్వేదం, బలం పొడులు, ఇంజెక్షన్లు ఈ మూడో వరుసలోకి వస్తాయి. దాచిపెట్టేవి, మర్చిపోయేవి ఇవే. నొప్పి మాత్ర వల్లే క్రియాటినిన్ పెరిగిందని మేం ఎక్కడా రాయలేదు. అది తేల్చాల్సింది డాక్టర్. మేం రాసింది మందు పేరు, మొదలైన తేదీ, రోజుకి ఎన్ని అన్నవే. లిస్టు చూసి మీ అంతట మీరు బీపీ, షుగర్ మాత్రలు ఆపేయడం కూడా వద్దు.

చిన్న చిక్కులు మరికొన్ని

ఈసీజీ, కొన్ని స్కానింగ్ బొమ్మలు వేడికి అచ్చయ్యే కాగితం మీద వస్తాయి. కొన్నాళ్లకి వెలిసిపోతాయి. వాటిని వెంటనే జిరాక్స్ తీయించండి. లామినేషన్ చేయిస్తే ఆ వేడికి కాగితమే నల్లబడుతుంది.

ఎక్స్‌రే, సీటీ ఫిల్మ్‌ని వాట్సాప్‌లో ఫొటో పంపితే డాక్టర్‌కి పెద్దగా ఉపయోగం ఉండదు. ఫిల్మ్‌తో పాటు రాతపూర్వక రిపోర్టు, ఇచ్చి ఉంటే సీడీ కూడా తీసుకెళ్లండి. సీడీలోని ఫోల్డర్ మొత్తం పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయండి, ఒక్క బొమ్మ మాత్రమే కాదు.

వాట్సాప్‌లో వచ్చిన పీడీఎఫ్‌లకు `2024-04-11_creatinine.pdf` లాగా ముందు సంవత్సరం వచ్చేలా పేరు పెడితే ఫోన్‌లో వాటంతట అవే వరుసలో కూర్చుంటాయి.

డిశ్చార్జ్ సమ్మరీ పోతే ఆ ఆసుపత్రి మెడికల్ రికార్డ్స్ విభాగంలో రాతపూర్వకంగా అడగండి. భారత వైద్య మండలి 2002 నిబంధనల ప్రకారం ఇన్‌పేషెంట్ రికార్డులు చికిత్స మొదలైన నాటి నుంచి 3 ఏళ్లు ఉంచాలి. రోగి అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. దరఖాస్తు కాపీ మీద ముద్ర వేయించుకోండి.

సమస్య: ఇన్ని తెచ్చినా మళ్లీ టెస్టులు రాశారు

కొన్ని తప్పవు. రెండు మూడు వారాల కిందటి క్రియాటినిన్ చూసి డయాలసిస్ గురించి ఏ డాక్టరూ నిర్ణయం చెప్పరు. ఫైల్ వల్ల ఆ టెస్ట్ తప్పదు, అనవసరమైన స్కానింగ్ మాత్రం తప్పొచ్చు. మొదటి డాక్టర్ అభిప్రాయాన్ని దాచిపెట్టి "కొత్తాయన ఏమంటారో చూద్దాం" అనుకునేవాళ్లున్నారు. దాంతో కొత్త డాక్టర్ మొదటి నుంచి మొదలుపెడతారు. ఖర్చు మనదే.

మేం మొదటి పేజీలో రాసింది ఇంతే: పేరు, వయసు, జబ్బులు ఎప్పటి నుంచి, అలర్జీలు, ఇప్పటి డాక్టర్ ఏమన్నారు, మా ప్రశ్న ఏమిటి. ప్రశ్న ఒక్క లైను: "డయాలసిస్, ఫిస్టులా ఇప్పుడే అవసరమా, ఆగొచ్చా?"

హైదరాబాద్ డాక్టర్ మొదటి పేజీ చదివి, పట్టిక మీద జనవరికీ ఏప్రిల్‌కీ మధ్య వేలు పెట్టి ఆగారు. "ఈ మధ్యలో ఏం జరిగింది?" అంటూనే మందుల పేజీ తిప్పారు. బీపీ మాత్ర, నీరు పోయే మాత్ర వాడుతూ పైన నొప్పి మాత్ర వేసుకుంటే కిడ్నీకి రక్తం తగ్గి దెబ్బ తగలొచ్చని చెప్పారు. నొప్పి మాత్ర ఆపించి, ఆ రోజే రక్తం, మూత్రం టెస్టులు చేయించి, వారానికోసారి క్రియాటినిన్ చూడమన్నారు. ఆరు వారాలకి 2.3కి దిగింది. జనవరి నాటి 1.8కి రాలేదు. ఫిస్టులా మాట ప్రస్తుతానికి పక్కన పెట్టారు. అందరికీ ఇలా దిగుతుందని కాదు, బాబాయ్‌కి దిగింది.

తిరుగు ప్రయాణంలో బస్సులోనే కొత్త చీటీని ఫోల్డర్‌లో పైకవర్‌లో పెట్టి, మూలన పెన్సిల్‌తో తేదీ రాశాను. పిన్ని బట్టల షాపు సంచిలో ఇప్పుడు ఉల్లిపాయలు పోస్తోంది.