పరిషత్ నాటకోత్సవ నిర్వహణ – 7వ పాఠం: దాతల పేరు ఎక్కడ, ఎప్పుడు, ఎలా పలకాలి

గత పాఠంలో చందాలు, బహుమతులు ఒప్పుకున్నవారి జాబితా తయారుచేశాం. ఉత్సవం మూడు రోజులు, రోజుకు మూడు నాటికలు, మొత్తం 24 మంది దాతలు. ఈ పాఠానికీ ఆ లెక్కే తీసుకుందాం. తెనాలిలో 1929లో ఆంధ్ర నాటక కళాపరిషత్ మొదలైన తర్వాత మన ఊళ్లలో వెలిసిన పరిషత్తులు చాలామటుకు ఇలాంటి స్థానిక దాతల మీదే నడుస్తున్నాయి. ఒకరు ఒక నాటిక పారితోషికం భరిస్తారు, ఇంకొకరు తల్లిదండ్రుల పేరున బహుమతి పెడతారు, మరొకరు కళాకారులకు భోజనాలు చూసుకుంటారు. అందరికీ ఒకే రకంగా శాలువా కప్పి పంపేస్తే ఎవరికీ సరిగ్గా కృతజ్ఞత చెప్పినట్టు కాదు.

ముందుగా జాబితాకు మరో నాలుగు గడులు కలపండి. పేరు ఎలా రాయాలి (ఇంటిపేరు పూర్తిగానా, పొడి అక్షరంగానా), ఎవరి జ్ఞాపకార్థం, ఏ రోజు ఏ నాటిక తర్వాత వేదిక మీదికి పిలవాలి, వారి తరఫున ఎవరు వస్తారు. ఈ వివరాలు దాతకు ఫోన్ చేసి చదివి వినిపించి, ఆయన సరే అన్నాకే ఖాయం చేయండి. ఫ్లెక్సీ, ఆహ్వానపత్రం, జ్ఞాపిక మీద అక్షరాలు, వ్యాఖ్యాత చీటీ, రసీదు అన్నీ ఈ ఒక్క కాగితం నుంచే ఎక్కాలి. ఒక్కో పనిని ఒక్కో కమిటీ సభ్యుడు తనకు గుర్తున్నట్టు రాసిస్తే ఒకే మనిషి పేరు నాలుగు చోట్ల నాలుగు రకాలుగా కనిపిస్తుంది.

ఫ్లెక్సీ సంగతి

సభలకైతే వేదిక వెనక ఫ్లెక్సీ కడతాం. నాటకానికి ఆ వీలు లేదు, అక్కడ సెట్టు ఉంటుంది. వేదిక ముందు పక్కల్లో కట్టినా లైటు పడి మెరుస్తుంది, ప్రేక్షకుడి చూపు అటే పోతుంది. అందుకే దాతల ఫ్లెక్సీకి సరైన చోటు హాలు ప్రవేశద్వారం. జనం లోపలికి వెళ్లేముందు, టీకి బయటికి వచ్చినప్పుడు నిలబడి చదివే చోటు అదే.

దూరాన్ని బట్టి అక్షరం ఎత్తు నిర్ణయించండి. పది అడుగుల దూరానికి అంగుళం ఎత్తు ఉండాలని సాధారణ లెక్క. తెలుగులో ఒత్తులు, గుడులు ఉంటాయి కాబట్టి కాస్త పెంచుకోవాలి. పదిహేను అడుగుల నుంచి చదివేవారికి రెండు అంగుళాల అక్షరం, వరుసకు నాలుగు అంగుళాల జాగా సరిపోతుంది. 24 పేర్లు రెండు నిలువు వరుసల్లో పెడితే ఒక్కో దాంట్లో 12 పేర్లు, అంటే 48 అంగుళాలు. ఎనిమిది అడుగుల వెడల్పు, ఆరు అడుగుల ఎత్తు ఫ్లెక్సీలో ఇది పట్టగా పైన శీర్షికకు రెండడుగులు మిగులుతుంది. ఇందులోనే అందరి ఫోటోలూ ఇరికించాలని చూడకండి, పేర్లు చిక్కిపోతాయి.

తప్పులు ఎక్కువగా దొర్లేది డిజైనర్ దగ్గర. మీరు వాట్సాప్‌లో పంపిన తెలుగు యూనికోడ్‌లో ఉంటుంది. చాలా షాపులు యూనికోడ్ కాని ‘అను’ ఫాంట్లలో పనిచేస్తాయి కాబట్టి పేర్లను మళ్లీ టైపు చేస్తారు, లేదా కన్వర్టర్‌లో వేస్తారు. ఒత్తులు ఎగిరిపోయేది అక్కడే. ప్రూఫు వచ్చాక ఒకరు జాబితా పైకి చదువుతుంటే ఇంకొకరు ప్రూఫులో చూడాలి. ఆ తర్వాత ‘కీ.శే.’ ఉన్న పేర్లు మాత్రమే మరోసారి చూడండి. జ్ఞాపకార్థం అన్న మాట పక్క వరుసకు జరిగి, బతికున్న దాత పేరు ముందు కీ.శే. పడిందంటే ఆ ఇంటివాళ్లకు ఏ క్షమాపణా సరిపోదు.

పేరు కింద ఏం రాస్తున్నారో కూడా గమనించండి. ధార్మిక సంస్థకు లాభం ఆశించకుండా ఇచ్చిన విరాళానికి కృతజ్ఞతగా పేరు వేస్తే, అందులో వ్యాపార ప్రచారం లేనంతవరకు జీఎస్టీ వర్తించదని 2019 అక్టోబరు 11 నాటి సర్క్యులర్ (116/35/2019) చెబుతోంది. ‘ఫలానా వారి సౌజన్యంతో’ అనడం కృతజ్ఞత. షాపు ఫోన్ నంబరు, పండగ ఆఫరు వేస్తే అది ప్రకటన అవుతుంది. అలా కావాలన్నవారిని ప్రకటనదారుల లెక్కలో వేరుగా రాసుకోండి, మీ ఆడిటర్‌కు చెప్పండి.

తెర ముందు ఎనిమిది నిమిషాలు

ఒక నాటిక ముగిసి ఇంకో నాటిక సెట్టు లేవడానికి ఇరవై నిమిషాలు పడుతుందనుకుందాం. అందులో ఎనిమిది నిమిషాలే దాతలకు ఇవ్వండి. తెర వెనక మేకులు కొట్టే చప్పుడు, జనం లేచి తిరగడం మొదటి ఐదు నిమిషాల్లో ఎక్కువ. అప్పుడు పిలిస్తే ఖాళీ కుర్చీల ముందు సన్మానం జరుగుతుంది. చివరి రెండు మూడు నిమిషాలు మైకుల పరీక్షకు వదిలేయాలి.

ఒక్కరికి ఎంత పడుతుంది? పిలుపు, రెండు వాక్యాలు, శాలువా, జ్ఞాపిక, ఫోటో కలిపి నిమిషంన్నర. అంటే ఎనిమిది నిమిషాల్లో ఐదుగురు. అదీ వారు వేదిక పక్కన సిద్ధంగా ఉంటేనే. వెనక వరుస నుంచి నడిచి రావాలంటే ఇంకో నిమిషం పోతుంది. నాటిక తెర పడగానే ఒక కార్యకర్త వెళ్లి ఆ ఐదుగురినీ పక్క మెట్ల దగ్గరికి తీసుకురావాలి. నాటిక నడుస్తుండగా లేపకూడదు, ఎంత పెద్ద దాత అయినా సరే. రోజుకు రెండు విరామాలు, మూడు రోజులకు ఆరు. 24 మందిని ఆరింటికి పంచితే నలుగురేసి వస్తారు. ఐదో చోటు ఖాళీగా ఉంచండి, మొదటి రోజు రాలేకపోయినవారు రేపు వస్తారు.

వ్యాఖ్యాత చేతికి జాబితా మొత్తం ఇవ్వకండి. ఒక్కొక్కరికి ఒక చీటీ, పైన పెద్దగా నంబరు. మన లెక్కలో ఒక రిటైర్డ్ టీచరమ్మ గారు తల్లి పేరున ఉత్తమ నటి బహుమతి పెట్టారనుకుందాం. ఆ చీటీ ఇలా ఉండాలి: ‘ఉత్తమ నటి బహుమతి దాత ఫలానా గారు. వారి అమ్మగారు కీ.శే. ఫలానా గారి జ్ఞాపకార్థం. ఊళ్లో నాటకం ఉందంటే ఆ అమ్మగారు సాయంత్రమే వంట ముగించి ముందు వరుసలో చాప వేసుకునేవారట.’ ఆ చివరి వాక్యం ఫోన్‌లో మీరు అడిగి రాసుకున్నది. ‘దానకర్ణుడు, కళాపోషకుడు’ లాంటి బిరుదులు పది తగిలించినా ఈ ఒక్క వాక్యానికి సాటిరావు. సొమ్ము ఎంతో చెప్పకండి. ఐదు వేలు ఇచ్చినవారు యాభై వేలు ఇచ్చినవారి పక్కన కూర్చుని వింటుంటారు.

ఈ దాతకు విరామంలో సన్మానం అక్కర్లేదు. బహుమతి ప్రదానం రోజున తన చేత్తోనే నటికి అందించనివ్వండి. అతిథి చేత ఇప్పించి దాతను పక్కన నిలబెట్టడం చాలాచోట్ల చూస్తున్నాం, అది మానుకోవాలి. గెలిచిన నటికి ముందే చెప్పండి, ఎవరి పేరున వచ్చిన బహుమతో తెలిస్తే ఆమె కూడా ఆ పేరు తలుచుకుంటుంది.

ఫోటోగ్రాఫర్ ప్రతి సన్మానానికి ముందు ఆ చీటీని ఒక ఫోటో తీయాలి. నంబరు కనిపిస్తుంది కాబట్టి తర్వాత ఏ ఫోటో ఎవరిదో వెతుక్కోనక్కర్లేదు.

ఉత్సవం అయ్యాక

ఆఖరి రాత్రే ఫ్లెక్సీ దించి చుట్టిపెట్టండి. గాలికి వదిలేస్తే ఏ పాకమీదికో, గడ్డివాము మీదికో చేరుతుంది. కన్నుమూసిన పెద్దల పేర్లు అలా కనిపిస్తే ఆ పిల్లలకు ఎలా ఉంటుంది?

వారం లోపల ప్రతి దాతకూ మూడు చేరాలి: రసీదు, వారి ఫోటో, ఒక పేజీ జమాఖర్చులు. ఫోటోను వాట్సాప్‌లో మామూలుగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపితే నాణ్యత తగ్గదు, ప్రింటు వేయించుకోవచ్చు. రాలేకపోయినవారి శాలువా, జ్ఞాపిక ఇద్దరు సభ్యులు ఇంటికి తీసుకెళ్లి ఇవ్వాలి. ఆ రోజు మళ్లీ చందా మాట ఎత్తకండి.

సాధన: మీ జాబితా నుంచి ముగ్గురిని తీసుకుని చీటీలు రాయండి. ఒకరు వస్తువు రూపంలో సాయం చేసినవారై ఉండాలి. గడియారం పెట్టుకుని పైకి చదవండి, ఒక్కోటి ముప్పై సెకన్లు దాటితే కుదించండి. వచ్చే పాఠం న్యాయనిర్ణేతల ఎంపిక గురించి.