రోగి మాట దుబాసీ నోట వచ్చినప్పుడు కేస్ షీట్‌లో ఎలా రాయాలి?

శ్రీకాకుళం జిల్లాలో ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట వైపు ఆసుపత్రికి వచ్చేవాళ్ళలో ఇంట్లో ఒడియా మాట్లాడుకునేవాళ్ళు చాలామంది ఉంటారు. మందస, మెళియాపుట్టి కొండ ఊళ్ళ నుంచి సవర మాట్లాడేవాళ్ళు వస్తారు. డాక్టరు గుంటూరు నుంచో కడప నుంచో వచ్చి ఉంటే, మధ్యలో ఎవరో ఒకరు మాట అందించాలి. స్టాఫ్ నర్సు, ఆశా కార్యకర్త, రోగి కొడుకు, ఎవరైనా కావచ్చు. వాళ్ళను ఇక్కడ దుబాసీ అందాం. తీరా కేస్ షీట్ తిరగేస్తే ఆ మనిషి జాడ ఉండదు. "రోగికి 2 వారాలుగా తలనొప్పి" అని మాత్రమే ఉంటుంది. ఆ మాట రోగి అన్నదా, కొడుకు అన్నదా అన్నది తర్వాత చూసే డాక్టరుకు తెలియదు.

ఇందులో ప్రమాదం ఎలా వస్తుందో ఒక ఉదాహరణతో చూద్దాం. 58 ఏళ్ళ ఒడియా ఆవిడ. బీపీకి టెల్మిసార్టాన్ 40, నీరు తీసే హైడ్రోక్లోరోథయాజైడ్ 12.5 కలిసిన మాత్ర వాడుతోంది. మొదటిసారి కొడుకు తలనొప్పి అని చెప్పాడు. షీట్‌లో అదే రాశారు, నొప్పి మాత్ర ఇచ్చారు. ఆవిడ అన్న మాట "ముండొ బులౌచ్చి". ఒడియాలో ముండొ అంటే తల, బులౌచ్చి అంటే తిరుగుతోంది. తలనొప్పికి ఆ భాషలో "ముండొ బింధుచ్చి" అంటారు. కొడుక్కి రెండూ "తల బాధ"గానే తోచాయి. ఇలాంటి బీపీ మాత్రకూ, నీరు తీసే మందుకూ డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్ర తోడైతే మూత్రపిండాలకు రక్తం తగ్గి, అవి దెబ్బతినవచ్చు. ఉద్దానంలో ఈ విషయం ఎవరికీ వివరించనక్కర్లేదు.

ముందు భాష గురించి ఒక వరుస

ఓపీ చీటీ పైన లేదా కేస్ షీట్ మొదటి వరుసలో మూడు సంగతులు రాయండి: ఇంట్లో మాట్లాడే భాష, తెలుగు ఎంతవరకు వస్తుంది, ఏ లిపి చదవగలరు. "తెలుగు వచ్చు" అని రాస్తే సరిపోదు. సంతలో బేరమాడే తెలుగు ఉన్నవాళ్ళకు ఛాతీలో మంటకూ బరువుకూ తేడా చెప్పే తెలుగు ఉండకపోవచ్చు. "ఒడియా, తెలుగు బజారు మాటల వరకే, చదవలేరు, దుబాసీ కావాలి" అని రాస్తే తర్వాతి షిఫ్ట్ వాళ్ళు మళ్ళీ మొదటి నుంచి వెతుక్కోరు.

దుబాసీ ఎవరో రాయడం

"అటెండర్ ద్వారా" అని రాయడం వల్ల ఏ ఉపయోగమూ లేదు. పేరు, హోదా లేదా రోగితో బంధుత్వం, ఫోన్ నంబరు లేదా ఉద్యోగి నంబరు, ఎదురుగా ఉన్నారా ఫోన్లోనా, ఏ సమయం నుంచి ఏ సమయం వరకు, ఇవన్నీ రాయాలి. ఫోన్లో అయితే మాట తెగిపోయిందా, మళ్ళీ చెప్పించారా అన్నది కూడా. ఈ మనిషి మధ్యలో ఉండటం రోగికి సమ్మతమేనా అని అడిగి, జవాబు రాయండి. రుతుస్రావం, గర్భం, ఇంట్లో దెబ్బలు తినడం లాంటి సంగతులు కొడుకు నోటి మీదుగా బయటకు రావు. అలాంటప్పుడు బంధువును బయటకు పంపి ఏ నర్సుతో అడిగించారో రాయాలి. పిల్లల్ని దుబాసీగా నిలబెట్టకూడదు. ప్రాణం మీదకు వచ్చి తప్పనిసరైతే, ఇంకెవరెవరి కోసం ఎన్ని గంటలకు ప్రయత్నించారో కూడా రాయండి.

సవర రోగుల విషయంలో ఒక్కోసారి రెండు మెట్లు ఉంటాయి. సవర నుంచి ఒడియాకు ఒకరు, ఒడియా నుంచి తెలుగుకు ఇంకొకరు. ఇద్దరి పేర్లూ ఉండాలి. మాట ఏ మెట్టు దగ్గర మారిందో వెతకాల్సి వస్తే దారి అదొక్కటే.

ఎవరి మాట ఎవరిదో విడదీయడం

అన్నిటికంటే శ్రద్ధ పెట్టాల్సింది ఇక్కడే. రోగి అన్నది ఒకచోట, దుబాసీ తనంతట తాను చేర్చింది వేరేచోట రాయాలి. రోగి ఒక నిమిషం మాట్లాడితే "ఏమీ లేదు సార్, నీరసమంట" అని జవాబు వచ్చిందంటే మధ్యలో చాలా రాలిపోయింది. ఆపి, ఒక్కో వాక్యం చెప్పించండి. చెప్పించినట్టు రాయండి.

ప్రధాన బాధను రోగి అన్న మాటలోనే, తెలుగు లిపిలో, ఒకసారి రాసి పక్కన అర్థం ఇవ్వండి. ముండొ అన్న మాట మన చెవికి తిట్టులా తగులుతుందని కొందరు రాయడానికి వెనకాడతారు. వెనకాడకండి, ఆ ఒక్క మాటే తర్వాత తప్పు పట్టిస్తుంది. 1980లో అమెరికాలోని ఫ్లోరిడాలో ఇలాంటి తప్పే జరిగింది. 18 ఏళ్ళ విల్లీ రమిరెజ్ గురించి స్పానిష్‌లో "ఇంటోక్సికాడో" అన్నారు. తిన్నది పడలేదన్నది వాళ్ళ భావం. డాక్టర్లు మత్తుమందు ఎక్కువైందనుకున్నారు. మెదడులో రక్తస్రావాన్ని సమయానికి గుర్తించలేదు. అతని కాళ్ళూ చేతులూ చచ్చుబడ్డాయి.

పై ఆవిడ రెండోసారి వచ్చినప్పుడు నోట్ ఇలా ఉండాలి. మన దగ్గర రాసేది ఇంగ్లీషులోనే అయినా వరుస ఇదే:

"భాష ఒడియా. దుబాసీ: (పేరు), స్టాఫ్ నర్సు, ఉద్యోగి నంబరు, ఎదురుగా, 10.20 నుంచి 10.45. రోగి ఒప్పుకున్నారు. రోగి మాట: 'ముండొ బులౌచ్చి', తల తిరుగుతోంది, పొద్దున మంచం మీంచి లేస్తే ఎక్కువ. నొప్పి లేదని రోగి రెండుసార్లు చెప్పారు. కొడుకు సొంతంగా చెప్పింది: వారంగా నొప్పి మాత్రలు వేసుకుంటోంది. మొదటి నోట్‌లోని 'తలనొప్పి' కొడుకు అనువాదం. బీపీ: 5 నిమిషాలు పడుకున్నాక 126/76, నిలబడిన 3 నిమిషాలకు 102/66."

నిలబడిన 3 నిమిషాల్లో పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ తగ్గితే, నిలబడితే బీపీ పడిపోయే సమస్య ఉన్నట్టు. ఇక్కడ పై అంకె 24 తగ్గింది. నొప్పి మాత్ర ఆపారు, నీరు తీసే మందు ఆపారు, క్రియాటినిన్, పొటాషియం పరీక్షలకు పంపారు. "తలనొప్పి" అన్న మాట దగ్గరే ఆగిపోతే ఆవిడను నిలబెట్టి బీపీ చూడాలన్న ఆలోచనే వచ్చేది కాదు.

వెళ్ళే ముందు

జబ్బు చరిత్ర చెప్పేటప్పుడు ఉన్న దుబాసీ, మందులు చెప్పేటప్పటికి వార్డులోకి వెళ్ళిపోయి ఉంటారు. అందుకే చరిత్ర, పరీక్ష, సమ్మతి, మందుల వివరం, వీటిలో వేటికి దుబాసీ ఉన్నారో విడిగా రాయండి. "అర్థమైందా" అంటే అందరూ తలూపుతారు, తలూపడాన్ని నోట్‌లో రాయకండి. మాత్రల పట్టీ చేతికిచ్చి, ఏది, ఎప్పుడు, ఎన్ని అని రోగి చేతే చెప్పించి, రోగి చెప్పింది రాయండి. తప్పు చెబితే ఆ తప్పూ, సరిదిద్దిన తీరూ రాయండి.

ఆపరేషన్ సమ్మతి పత్రంలో రోగి వేలిముద్ర ఒకటి, సాక్షి సంతకం ఒకటి, దుబాసీ సంతకం వేరొకటి ఉండాలి. సాక్షే దుబాసీ అయితే, అనువాదం సరిగా జరిగిందని చెప్పడానికి రెండో మనిషి ఉండరు. దుబాసీ సంతకం పైన "ఈ పత్రాన్ని ఒడియాలో చదివి వినిపించాను, రోగి అడిగిన ప్రశ్నలు డాక్టరుకు చెప్పాను" అన్న వాక్యం, తేదీ, సమయం ఉండాలి. దుబాసీ వద్దని రోగి అంటే అదీ రాయాలి. ఏ భాషలో, ఎవరి ద్వారా అడిగితే వద్దన్నారో కూడా.

రాయడం మరిచిపోతే పాత వరుసల మధ్య ఇరికించకండి. ఇన్‌పేషెంట్ రికార్డును చికిత్స మొదలైన రోజు నుంచి 3 ఏళ్ళు ఉంచాలనీ, రోగి అడిగితే 72 గంటల్లో ఇవ్వాలనీ 2002 నాటి వైద్య మండలి నిబంధనలు చెబుతున్నాయి. ఇరికించిన వరుస మిగతా నోట్ మీద కూడా అనుమానం తెస్తుంది. కింద కొత్త వరుసలో "ఆలస్యంగా రాసినది" అని పెట్టి, రాస్తున్న తేదీ, సమయం, జరిగిన సమయం వేసి సంతకం చేయండి.