దసరా సేల్స్ ముందు ఒక్కసారి మీ క్రెడిట్ కార్డు ఆటోపే తెరిచి చూడండి

ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు, తెలియని లింకులు నొక్కొద్దు... ఇవన్నీ మీకు తెలిసినవే, వాటి జోలికి పోను. నేను చెప్పేది ఒక్క తప్పు గురించి. మా తోడల్లుడి కొడుకు పోయిన దసరాకి ఆ తప్పు చేసి, సంక్రాంతికి ఇంటికొచ్చినప్పుడు ఫోన్ నా చేతిలో పెట్టాడు. "బాబాయ్, నెలనెలా ఆటోపేలో డబ్బు పోతూనే ఉంది. బాకీ మాత్రం పెరుగుతోంది. ఎవరైనా మోసం చేస్తున్నారా?"

మోసమేమీ లేదు. ఆటోపే పెట్టేటప్పుడు Total Amount Due, Minimum Amount Due అని రెండు వస్తాయి. వాడు రెండోది ఎంచుకున్నాడు. మినిమమ్ కడితే వడ్డీ పడదనుకున్నాడు. పడుతుంది. మినిమమ్ కట్టినందుకు తప్పేది లేట్ ఫీజు, సిబిల్‌లో మచ్చ. అంతే. వడ్డీ మాత్రం తప్పదు.

వాడి లెక్క చూడండి. ప్రతి నెలా 15న బిల్లు తయారవుతుంది, కట్టడానికి 20 రోజుల గడువు. సెప్టెంబర్ 20న 60,000 పెట్టి ఫ్రిజ్ కొన్నాడు. అక్టోబర్ 15 బిల్లులో మొత్తం 60,000, మినిమమ్ 3,000, గడువు నవంబర్ 4. ఆ రోజు ఆటోపేలో 3,000 పోయింది. ఈలోగా అక్టోబర్ 20న సరుకులకీ పెట్రోలుకీ ఇంకో 10,000 గీకాడు.

తన లెక్కలో మిగిలిన బాకీ 67,000. నవంబర్ 15న వచ్చిన బిల్లు 71,870.

ఎలాగంటే, ఆ కార్డు వడ్డీ నెలకు 3.5 శాతం. మన ఊళ్ల లెక్కలో మూడున్నర రూపాయల వడ్డీ. రెండు రూపాయల వడ్డీకి అప్పు తేవాలంటేనే ఇంట్లో వంద ఆలోచనలు చేస్తాం, ఇక్కడ ఒక్క బటన్ నొక్కి ఊరుకుంటాం. పూర్తిగా కట్టకపోతే వడ్డీ గడువు తేదీ నుంచి కాదు, కొన్న రోజు నుంచే మొదలవుతుంది. 60,000 మీద సెప్టెంబర్ 20 నుంచి నవంబర్ 4 దాకా 45 రోజులకు దాదాపు 3,107. మిగిలిన 57,000 మీద 15వ తేదీ దాకా ఇంకో 721. పాత బాకీ ఉంటే కొత్త కొనుగోళ్లకు కూడా వడ్డీ లేని గడువు పోతుంది కాబట్టి, ఆ 10,000 మీద గీకిన రోజు నుంచే 299. వీటన్నిటి మీద 18 శాతం జీఎస్టీ 743. మొత్తం 4,870. కట్టింది 3,000.

మళ్లీ చెబుతున్నా, మినిమమ్ కట్టడమంటే బిల్లు కట్టడం కాదు.

ఇక తేదీలు. బిల్లు తేదీ వేరు, గడువు తేదీ వేరు. అదే ఫ్రిజ్ సెప్టెంబర్ 14న కొని ఉంటే మర్నాడే బిల్లులో చేరేది, చేతిలో మిగిలేది 21 రోజులే. 20న కొన్నాడు కాబట్టి 45 రోజులు దొరికాయి, దాన్నీ పాడు చేసుకున్నాడు. పెద్ద వస్తువు కొనాలంటే బిల్లు తేదీ దాటాక కొనండి. జీతం పడే రోజుకీ గడువుకీ పొత్తు కుదరకపోతే బిల్లు తేదీ మార్చమని బ్యాంకును అడగండి. కనీసం ఒక్కసారైనా ఆ అవకాశం ఇవ్వాలని రిజర్వ్ బ్యాంక్ నిబంధన ఉంది.

సేల్ మొదలయ్యేలోపు ఇవి చేయండి:

- ఆటోపేలో Total Amount Due ఉందో లేదో చూడండి. ఇప్పుడే చూడండి.
- ఆ రోజు ఖాతాలో అంత డబ్బు ఉండాలి. లేకపోతే ఆటోపే తిరిగొస్తుంది, దానికి వేరే జరిమానా.
- గడువు దాటి మూడు రోజుల దాకా లేట్ ఫీజు వేయరు. అది వడ్డీకి మాఫీ కాదు.
- బిల్లులో Finance Charges అనే వరుస వెతకండి. అక్కడ సున్నా తప్ప ఏ అంకె ఉన్నా మీరు వడ్డీ కడుతున్నట్టే.
- రిఫండ్ వస్తుందిలే అని బిల్లు ఆపకండి.
- కార్డుతో ఏటీఎంలో డబ్బు తీయకండి. దానికి వడ్డీ లేని గడువు ఒక్కరోజు కూడా ఉండదు.
- ఇప్పటికే బాకీ మోస్తుంటే ఆ కార్డు గీకడం ఆపండి. పాల ప్యాకెట్‌కి కూడా వద్దు.
- ఒకేసారి తీర్చలేకపోతే బాకీని ఈఎంఐగా మార్చితే వడ్డీ ఎంత, ప్రాసెసింగ్ ఫీజు ఎంత అని అడగండి. బంగారం ఉంటే గోల్డ్ లోన్ వడ్డీతో పోల్చి చూడండి.
- మొత్తం కట్టేశాక వచ్చే నెల బిల్లులో కొంచెం వడ్డీ కనిపించవచ్చు. బిల్లు తయారైన రోజు నుంచి మీరు కట్టిన రోజు దాకా పడిన వడ్డీ అది. కంగారు పడకండి, అలాగని చిన్న మొత్తమే కదా అని వదిలేయకండి. అదీ పూర్తిగా కట్టండి, మినిమమ్ కాదు.